మాస్టర్ ఒకరు, సప్లయర్లు ఇద్దరు కావాలి: చిన్న హోటల్‌కు ప్రకటన ఎలా రాయాలి

అనంతపురంలో మా సంగటి హోటల్‌కు మనుషులు కావాలని నేను మొదటిసారి రాసిన ప్రకటన ఇది:

> వంట మాస్టర్, వెయిటర్లు కావలెను. ఆకర్షణీయమైన జీతం. భోజన, వసతి సౌకర్యం కలదు. అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యత. వెంటనే సంప్రదించండి.

నాలుగు రోజుల్లో నలభైకి పైగా ఫోన్లు వచ్చాయి. దోశ మాస్టర్లు చేశారు, నూడుల్స్ మాస్టర్లు చేశారు, బేకరీలో కేకులు చేసే ఆయన కూడా చేశాడు. సంగటి కెలికేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. తప్పు వాళ్లది కాదు. మా హోటల్లో ఏం వండాలో నేను రాయనే లేదు కదా.

ఫోన్ చేసిన వాళ్లందరూ ఇంచుమించు ఒకే వరసలో అడిగారు. "జీతం ఎంతన్నా?" "రూమ్ ఉందా?" "మధ్యాహ్నం బ్రేక్ ఇస్తారా?" "హెల్పర్ ఉన్నాడా, ఉల్లిగడ్డలు కూడా నేనే కొయ్యాల్నా?" నలభై మందికి ఇవే జవాబులు చెప్పి చెప్పి గొంతు పోయింది. ఆ జవాబులే ప్రకటనలో రాసి ఉంటే సగం ఫోన్లు వచ్చేవి కావు, వచ్చినవి పనికొచ్చేవి. ఆ తర్వాత ఎప్పుడు ప్రకటన రాసినా అలాగే రాస్తున్నాను. ఎలాగో మా హోటల్‌నే ఉదాహరణగా పెట్టుకుని చెప్తాను. మీది కర్నూలులో జొన్నరొట్టెల హోటల్ అయినా, కడపలో కారం దోశల హోటల్ అయినా పద్ధతి ఇదే. వంటల పేర్లే మారతాయి.

రాయడానికి ముందు ఒక రోజు వంటింట్లో నిలబడండి

పెన్ను పట్టుకోకముందు ఒక మామూలు రోజు, అంటే ఆదివారం కాకుండా, పొద్దున నుంచి రాత్రి దాకా వంటింట్లో ఎవరు ఏం చేస్తున్నారో చూసి ఒక కాగితం మీద రాసుకోండి. ఓనర్లకు తమ హోటల్ పని తమకు తెలుసనే అనిపిస్తుంది. నాకూ అట్లే అనిపించింది.

మాది ఎనిమిది టేబుళ్ల హోటల్, ముప్పై రెండు కుర్చీలు. మధ్యాహ్నం, రాత్రి మాత్రమే నడుస్తుంది, టిఫిన్లు లేవు. రాగి సంగటి, నాటుకోడి పులుసు, బోటి కూర, పప్పు, ఒక తాలింపు, ఊరిబిండి, అన్నం, రసం, మజ్జిగ. అంతే. మధ్యాహ్నం సుమారు డెబ్బై మంది, రాత్రి నలభై మంది తింటారు. ఆ రోజు చూస్తే అప్పటి మాస్టర్ రోజుకు రెండు గంటలు ఉల్లిగడ్డలు తరగడం, అల్లం వెల్లుల్లి ఒలవడంలోనే గడుపుతున్నాడు. నేను మాస్టర్ జీతం ఇచ్చి హెల్పర్ పని చేయించుకుంటున్నానన్న మాట. అతను మానేయడానికి కారణం కూడా అదే అయి ఉంటుందని అప్పుడు తెలిసింది. కాబట్టి కొత్త మాస్టర్ కోసం ప్రకటన వేయకముందే ఒక హెల్పర్‌ను పెట్టుకున్నాను. మీకూ అలాంటిది ఏదైనా కనపడితే ముందు దాన్ని సరిచేయండి. లేకపోతే ప్రకటన ఎంత బాగా రాసినా వచ్చిన మనిషి మూడో నెలలో వెళ్లిపోతాడు.

ఈ కాగితం చేతిలో ఉంటే మాస్టర్ పని రెండు వాక్యాల్లో చెప్పగలరు: ఏమేం వండాలి, ఎంతమందికి. సప్లయర్ పని కూడా అంతే: ఎన్ని టేబుళ్లు చూడాలి, వడ్డన కాక ఇంకేం చేయాలి.

జీతం లెక్క

"ఆకర్షణీయమైన జీతం" అని రాస్తే చదివేవాడికి ఒకటే అర్థం అవుతుంది, తక్కువ ఇస్తారని. "మాట్లాడుకుందాం" అన్నా అంతే. అంకె వేయండి. అంకె వేస్తే పక్క హోటల్ వాళ్లకు తెలిసిపోతుందని కొందరు భయపడతారు. పక్క హోటల్ వాళ్లకు అది ఎప్పుడో తెలుసు, మీ సప్లయర్లు వాళ్ల సప్లయర్లు ఒకే చోట టీ తాగుతారు.

ఏ అంకె వేయాలో మీ గల్లాపెట్టె చెప్పాలి. ఆ ఏడాది నా లెక్క ఇలా ఉంది. మాస్టర్‌కు నెలకు 26,000. సప్లయర్లకు ఒక్కొక్కరికి 13,000, ఇద్దరికీ 26,000. ముగ్గురికి కలిపి తీసుకున్న గది అద్దె 5,000. మొత్తం 57,000. సోమవారాలు తీసేస్తే హోటల్ నెలకు 26 రోజులు తెరిచి ఉంటుంది, కాబట్టి రోజుకు దాదాపు 2,200 రూపాయలు ఈ ముగ్గురికే పోతుంది. వాళ్ల రెండు పూటల భోజనం వేరే. సరుకులు, గ్యాస్, షాపు అద్దె, కరెంటు, హెల్పర్, గిన్నెలు తోమే ఆమె జీతం పోయాక ఆ 2,200 మిగులుతుందా లేదా చూసుకున్నాకే ఆ అంకె వేశాను. మిగలకపోతే మనిషిని తగ్గించుకోవాలి గానీ, 26 అని రాసి వచ్చినాక 22 అనకూడదు. అలా ఒకసారి చేస్తే ఊళ్లో మాస్టర్లందరికీ వారంలో తెలుస్తుంది.

ఇవి మా హోటల్ అంకెలు, మీ ఊరి రేటు కావు. మీరు వేసే అంకె హోటల్ పనివాళ్లకు ప్రభుత్వం పెట్టిన కనీస వేతనం కంటే తగ్గకూడదు. అది పని రకాన్ని బట్టి వేరుగా ఉంటుంది, కరువు భత్యం కలిసి ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది. కార్మిక శాఖ ఆఫీసులో అప్పటి పట్టిక అడిగి చూసుకోండి. పాత కాగితం చూసి లెక్క వేయకండి.

అనంతపురంలో ఇంకో తలనొప్పి ఉంది. బెంగళూరు ఇక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి అక్కడ. మంచి మాస్టర్ ఎవరైనా "బెంగళూరులో ఎక్కువ ఇస్తారు" అనే అంటాడు, నిజమే కూడా. దానితో పోటీ పడి అంకె పెంచకండి, పడలేరు. అక్కడ లేనిది మీ దగ్గర ఏముందో అది రాయండి. మాకు రెండు దొరికాయి: గది అద్దె మేమే కడతాం, సోమవారం హోటలే మూసేస్తాం. ఇంటికి వెళ్లి రావడానికి వారంలో ఒక రోజు గ్యారంటీగా దొరుకుతుందంటే, తాడిపత్రి, ధర్మవరం వైపు పెళ్లాం పిల్లలు ఉన్న మనిషికి అది నాలుగు వేలతో సమానం.

వారానికి ఒక రోజు సెలవు ఇవ్వడం చట్టం ప్రకారం ఎలాగూ తప్పదు. వంతులవారీగా ఇస్తే మాస్టర్ లేని రోజు సంగటి ఎవరు కెలకాలి? మాంసం హోటల్‌కు సోమవారం బేరం ఎటూ తక్కువ, చాలా ఇళ్లలో ఆ రోజు ముట్టరు. అందుకని ఆ రోజు మూసేయడం మాకు కలిసొచ్చింది. మీకు శనివారం అలా ఉండొచ్చు, లెక్క పుస్తకం చూసుకోండి.

పని గంటలు, బ్రేక్ సహా

హోటల్ పనిలో మనిషిని అరగదీసేది పొద్దున పదికి మొదలై రాత్రి పదింటి దాకా సాగే రోజు. అందుకే "పూర్తి సమయం" అని రాయకుండా గంటలు రాయండి. మాస్టర్‌కు పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3, సాయంత్రం 6:30 నుంచి రాత్రి 10. మధ్యలో మూడున్నర గంటల బ్రేక్, ఆ టైంలో పిలవం. భోజనానికి అరగంట తీసేస్తే ఎనిమిది గంటలు. సప్లయర్లకు 11 నుంచి 3:30, 6:30 నుంచి 10:30. వాళ్లకూ అంతే పడుతుంది.

"ఆ టైంలో పిలవం" అన్న మాట ప్రకటనలో చేర్చమన్నది మా ఆవిడ. నాకు అదేదో అనవసరం అనిపించింది. కానీ తర్వాత చేరిన మాస్టర్ తనను ఫోన్ చేయించింది ఆ మాటే అన్నాడు. అంతకుముందు హోటల్లో బ్రేక్ అని పేరుకు ఉండేదట, నాలుగింటికి పార్సిల్ ఆర్డర్ రాగానే లేపేవాళ్లట.

సప్లయర్ల విషయంలో ఒకటి మరిచిపోవద్దు. బుక్కరాయసముద్రం, రాప్తాడు, గార్లదిన్నె నుంచి వచ్చే పిల్లలు చాలామంది. రాత్రి పదిన్నరకు డ్యూటీ దిగితే బండి లేనివాళ్లు ఊరికి ఎలా పోతారు? గది ఉందని రాస్తే సరే. లేకపోతే "బండి ఉన్నవాళ్లకు వీలు" అని నిజం రాయండి. దాచిపెడితే నాలుగో రోజు రాత్రి తొమ్మిదికే వాచీ చూసుకుంటూ నిలబడతారు.

రెండు ప్రకటనలు రాయండి

మాస్టర్‌కు, సప్లయర్లకు కలిపి ఒకటే రాస్తే రెండూ పలచబడతాయి. హోటల్ ముందు అంటించే కాగితం మీద ఇద్దరి సంగతీ ఉండొచ్చు, వాట్సాప్‌లో మాత్రం విడివిడిగా పంపండి. మాస్టర్లకు మా రెండో ప్రకటన ఇది:

> సంగటి, నాటుకోడి పులుసు బాగా చేసే మాస్టర్ ఒకరు కావాలి
>
> మాది అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర చిన్న హోటల్, ఎనిమిది టేబుళ్లు. మధ్యాహ్నం, రాత్రి భోజనం మాత్రమే. టిఫిన్లు, చైనీస్, బిర్యానీ లేవు.
>
> వండాల్సినవి: రాగి సంగటి, నాటుకోడి పులుసు, బోటి, పప్పు, ఒక తాలింపు, ఊరిబిండి, రసం. మధ్యాహ్నం 70 మందికి, రాత్రి 40 మందికి. తరగడానికి హెల్పర్ ఉన్నాడు, గిన్నెలు తోమడానికి వేరే మనిషి ఉంది.
>
> టైం: పొద్దున 10 నుంచి 3, సాయంత్రం 6:30 నుంచి 10. మధ్యలో బ్రేక్, ఆ టైంలో పిలవం. ప్రతి సోమవారం హోటల్ సెలవు.
>
> జీతం నెలకు 26,000, ప్రతి నెలా 5వ తేదీన. రెండు పూటలా భోజనం. గది మేమే ఇస్తాం, ముగ్గురు ఉంటారు, అద్దె మీకు పడదు.
>
> ముందు రెండు రోజులు వండి చూపించాలి. ఆ రెండు రోజులకు రోజుకు 1,000 ఇస్తాం, కుదిరినా కుదరకపోయినా. ఆడవాళ్లు కూడా రావచ్చు, వాళ్లకు గది వేరే చూస్తాం.
>
> ఫోన్: మధ్యాహ్నం 3:30 నుంచి 6 లోపు. ఈ ప్రకటన 20వ తేదీ దాకా.

ఇందులో "లేవు" అన్న మాటే నాకు అన్నిటికంటే పనికొచ్చింది. టిఫిన్లు, చైనీస్, బిర్యానీ లేవని రాయగానే దోశ మాస్టర్ల ఫోన్లు, నూడుల్స్ మాస్టర్ల ఫోన్లు ఆగిపోయాయి. ఈసారి పదకొండు ఫోన్లు వచ్చాయి, అందులో ఏడుగురు సంగటి వండేవాళ్లే.

ఫోన్ టైం కూడా ఊరికే పెట్టింది కాదు. మనకు కావాల్సిన మాస్టర్ ఇప్పుడు ఇంకో హోటల్లో పొయ్యి ముందు ఉన్నాడు. అతను ఓనర్ వినకుండా ఫోన్ చేయగలిగేది బ్రేక్‌లోనే. మీరు "ఉదయం 10 నుంచి 1 లోపు" అని పెడితే పనిలేని వాళ్లే చేస్తారు.

తేదీ ఎందుకంటే, వాట్సాప్‌లో ప్రకటన చావదు. మా మొదటి ప్రకటన ఏడాది తర్వాత కూడా ఏదో గ్రూపులో తిరిగి ఒకాయన గుంతకల్లు నుంచి ఫోన్ చేశాడు. నేను తేదీ ఒక్కటే వేశాను, మీరు నెల, ఏడాదితో సహా వేయండి.

సప్లయర్ల ప్రకటన ఇంకా చిన్నది:

> ఇద్దరు సప్లయర్లు కావాలి. పని రాకపోయినా నేర్పిస్తాం
>
> అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర భోజనం హోటల్. ఒక్కొక్కరు నాలుగు టేబుళ్లు చూసుకోవాలి: ఆర్డర్ తీసుకోవడం, వడ్డించడం, బిల్లు ఇచ్చి డబ్బు కౌంటర్‌లో కట్టడం, టేబుల్ తుడవడం. ఎంగిలి ప్లేట్లు టబ్బులో వేస్తే చాలు, తోమే పని లేదు. బాత్రూం కడిగే పని లేదు.
>
> 18 ఏళ్లు నిండిన వాళ్లు, ఆడవాళ్లయినా మగవాళ్లయినా. తెలుగు చదవడం, కూడికలు వస్తే చాలు.
>
> టైం: 11 నుంచి 3:30, 6:30 నుంచి 10:30. సోమవారం సెలవు. జీతం 13,000, మూడు నెలలు దాటితే 14,000. టిప్పులు ఎవరివి వాళ్లవే. భోజనం, గది ఉన్నాయి. రెండు జతల యూనిఫాం మేమే ఇస్తాం, జీతంలో కోయం.

"తోమే పని లేదు, బాత్రూం కడిగే పని లేదు" అని చదివి నవ్వొచ్చు. చిన్న హోటళ్లలో సప్లయర్లు పని మానేసేది చాలాసార్లు దీని దగ్గరే. వడ్డించే పని అని తీసుకుని, క్లీనర్ రాని రోజు వాళ్ల చేతికి చీపురిస్తాం. మీ హోటల్లో ఆ పని నిజంగా వాళ్లే చేయాలంటే దాచకండి, రాయండి, రెండు వేలు ఎక్కువ వేయండి.

పద్దెనిమిదేళ్ల మాట తప్పకుండా ఉండాలి. "సర్వర్ బాయ్స్ కావలెను" అని రాస్తే నిజంగానే పిల్లలు వస్తారు, బడి మానేసిన మేనల్లుణ్ణి మేనమామే తీసుకొచ్చి వదిలిపోతాడు. హోటళ్లలో, దాబాల్లో పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనికి పెట్టుకోకూడదని 2006 అక్టోబర్ నుంచే నిషేధం ఉంది, 2016లో చట్టం ఇంకా గట్టిపడింది. మీరు ఆధార్ చూసి పద్దెనిమిది నిండాయని తేల్చుకున్నాకే మాట్లాడండి. చూసి జిరాక్స్ తీసుకోండి, అసలు కార్డు మీ దగ్గర పెట్టుకోకండి. మనిషి పారిపోకుండా కార్డు అట్టిపెట్టుకునే ఓనర్లు ఉన్నారు. అది తప్పు, పైగా పారిపోవాలనుకున్నవాడు కార్డు వదిలేసి పోతాడు.

కులం, మతం గురించి ఏమీ రాయకండి. "శాకాహారులకు ప్రాధాన్యత", "మన వాళ్లయితే మంచిది" లాంటి సన్నాయి నొక్కులు కూడా వద్దు. వచ్చే మాస్టర్ రంజాన్ నెలలో ఉపవాసం ఉంటే, సాయంత్రం ఇఫ్తార్ టైంకు ఎవరు పొయ్యి చూసుకోవాలన్నది మాట్లాడుకోవాల్సిన విషయమే, అది చేరేటప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడుకోండి.

ఎక్కడ పెట్టాలి

హోటల్ గోడ మీద, వాట్సాప్ గ్రూపుల్లో ఎలాగూ పెడతారు. నాకు పని చేసినవి ఇంకో రెండున్నాయి. ఒకటి, పెళ్లిళ్లకు వంటపాత్రలు అద్దెకిచ్చే షాపు. పెళ్లిళ్లకు వంట చేసే మాస్టర్లు రోజూ అక్కడికే వస్తారు. ఆషాఢంలో, మూఢాల్లో ముహూర్తాలు ఉండవు కాబట్టి వాళ్లలో కొందరు నిలకడగా ఉండే పని వెతుక్కుంటారు. రెండు, మనకు కోళ్లు వేసే షాపు ఆయన. ఊళ్లో ఏ హోటల్లో మాస్టర్‌కు, ఓనర్‌కు పడటం లేదో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఇంకో మాట. మంచి మాస్టర్లలో పెద్ద ప్రకటన చదివే ఓపిక లేనివాళ్లు, చదువు అంతగా రానివాళ్లు ఉంటారు. రాసిన దాన్ని మీరే నిమిషం లోపు వాయిస్ మెసేజ్ చేసి దానితో పాటు పంపండి. ఏ ఊరు, ఏం వండాలి, జీతం, సెలవు, ఫోన్ టైం, ఈ వరసలో. మా మాస్టర్ చదవలేదు, విన్నాడు. అతని బావమరిది పంపాడట.

ఫోన్ వచ్చినప్పుడు

"ఎన్నేళ్ల అనుభవం?" అని అడక్కండి. అందరూ పదేళ్లే అంటారు. నేను అడిగేది ఇది: "నాటుకోడి ఎంతసేపు ఉడికిస్తావన్నా?" చేసేవాడు వెంటనే ఎదురు ప్రశ్న వేస్తాడు. "ముదురుదా, లేతదా? కుక్కర్‌లోనా, గిన్నెలోనా?" మామూలు గిన్నెలో నాటుకోడికి తక్కువలో తక్కువ ముప్పావు గంట పడుతుంది, ముదురుదైతే గంట దాటుతుంది. "ఇరవై నిమిషాలు చాలన్నా" అన్నాడంటే అతను వండింది బ్రాయిలర్. మీ వంటకు ఇలాంటి ప్రశ్న ఒకటి తయారు చేసుకోండి. కారం దోశ హోటల్ అయితే పిండి ఎండాకాలంలో ఎన్ని గంటలకు పులుస్తుందో, చలికాలంలో ఎన్నింటికో అడగండి.

పెళ్లి వంటలు చేసే మనిషి అయితే ఇంకోటి అడగాలి: "మాఘమాసంలో ముహూర్తాలు వస్తే పోతావా?" నిజాయితీగా "నాలుగు రోజులు పోతానన్నా, ముందే చెప్తా" అన్నవాణ్ణి నమ్మొచ్చు. "అస్సలు పోను" అన్నవాడు పోతాడు.

అడ్వాన్స్ సంగతి ఫోన్లోనే వస్తుంది. మన దగ్గర మాస్టర్లు చేరకముందే పాతికో ముప్పైయో అడగడం అలవాటు. నేను ఒకసారి ఇరవై వేలు ఇచ్చి, తొమ్మిదో రోజు నుంచి ఆ ఫోన్ స్విచ్చాఫ్ విన్నాను. ఇప్పుడు ఒకటే చెప్తాను: నెల పని చేశాక పది వేలు ఇస్తా, నెలకు రెండు వేల చొప్పున ఐదు నెలల్లో పట్టుకుంటా, ఇద్దరం పుస్తకంలో సంతకం పెడదాం. దానికి ఒప్పుకోని ఇద్దరు వదిలేసి పోయారు. పోనీయండి. మీరు మాత్రం చేరేవాళ్ల దగ్గర డిపాజిట్ అని, యూనిఫాం అని ఒక్క రూపాయి అడగకండి. పని పేరుతో డబ్బు వసూలు చేసే దొంగ ప్రకటనలు ఎక్కువయ్యాయి, మీదీ వాటిలో కలిసిపోతుంది.

వండించి చూడటం

ఏడుగురిలో ముగ్గురిని పిలిచాను, ఒకరి తర్వాత ఒకరిని, ఒక్కొక్కరికి రెండు రోజులు. ఒక పూట రుచి చూసి తీసుకుంటే మోసపోతాం. నాలుగు ప్లేట్లు ఎవరైనా బాగా చేస్తారు.

మొదటాయన పులుసు అద్భుతంగా చేశాడు. కానీ సంగటి ముద్ద విరిచి చూస్తే మధ్యలో తెల్లగా పొడి పిండి కనిపించింది. ఉడికిన అన్నం మీద రాగిపిండి కుప్పగా పోసి, గుంట చేసి, మూత పెట్టి సన్నని మంట మీద పది నిమిషాలైనా మగ్గనివ్వాలి, తర్వాతే కట్టెతో కెలకాలి. ఆయన తొందరపడి వెంటనే కెలికేశాడు. ఇంట్లో నలుగురికైతే సర్దుకోవచ్చు, డెబ్బై ముద్దల్లో పిండి ఉండ తగిలితే కస్టమర్ మళ్లీ రాడు.

రెండో ఆయనకు రెండూ వచ్చు. అయితే మొదటి రోజు మధ్యాహ్నం అయ్యేసరికి నూనె డబ్బాలో సగం లేదు. అందుకే రుచి ఒక్కటే చూడకుండా, మొదలు పెట్టకముందు నూనె, కారం, చికెన్ తూకం వేసి ఇచ్చి, చివర్లో మిగిలింది మళ్లీ తూకం వేయండి. చెత్తబుట్ట కూడా చూడండి.

మూడో ఆయన సంగటి ముద్ద విరిస్తే లోపల నల్లగా, నిగనిగలాడుతూ ఒకే రంగులో ఉంది, తడి చేత్తో పట్టుకుంటే అంటలేదు. రెండో రోజు కూడా పులుసు మొదటి రోజు రుచే వచ్చింది. పైగా ఒంటిగంటన్నరకు సంగటి అయిపోతుందనిపించి, నేను చెప్పకముందే రెండో ఎసరు పెట్టాడు. ఆయన్నే తీసుకున్నాం. మిగతా ఇద్దరికీ చెప్పిన ప్రకారం రెండేసి వేలు ఇచ్చి పంపాం. ప్రకటనలో రాసింది ఇవ్వకపోతే తర్వాతిసారి ఎవరూ రారు.

సప్లయర్లకు పరీక్ష తేలిక, రోజుకు 500 ఇచ్చి ఒక ఆదివారం మధ్యాహ్నం నిలబెట్టండి. మూడు టేబుళ్ల ఆర్డర్లు కలగలిపి తెచ్చాడా, నీళ్లు అడగకముందే పోశాడా, గ్లాసులను అంచు పట్టుకుని ఎత్తాడా కింద పట్టుకున్నాడా, ఇవి చూస్తే చాలు. చేతిలో కాగితం లేకుండా నాలుగు ఐటమ్స్ కూడగలిగిన అమ్మాయి ఒకామె వచ్చింది, డిగ్రీ మధ్యలో ఆపేసింది. బండి ఉంది కాబట్టి గది అక్కర్లేదంది. మా మొదటి ప్రకటనలో "వెయిటర్లు" అని చూసి మగవాళ్లకే అనుకుని ఊరుకుందట.

చేరిన వారంలో ముగ్గురికీ వైద్య పరీక్ష చేయించండి. వంట, వడ్డన చేసేవాళ్లకు ఏడాదికోసారి పరీక్ష చేయించి సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోవాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. టైఫాయిడ్ టీకా కూడా అప్పుడే వేయించండి, ఖర్చు మీరే పెట్టుకోండి. ప్రకటనలో రాసిన జీతం, గంటలు, సెలవు, అడ్వాన్స్ పద్ధతి ఒక కాగితం మీద రెండు కాపీలు రాసి, ఒకటి వాళ్లకు ఇవ్వండి.

ఆ సాయంత్రమే గోడ మీద కాగితం చింపేసి, ప్రకటన పెట్టిన ప్రతి గ్రూపులో "మనుషులు దొరికారు, ఫోన్ చేయొద్దు" అని పెట్టండి. పిలవని మిగతా వాళ్ల నంబర్లు మాత్రం చెరపకండి. నా ఫోన్లో "సంగటి మాస్టర్, తాడిపత్రి", "సప్లయర్, గార్లదిన్నె, బండి ఉంది" అని అలాగే ఉన్నాయి. మొన్న ఉగాదికి రెండో సప్లయర్ ఊరికి పోయి నాలుగు రోజులు రాకపోతే ఆ గార్లదిన్నె అబ్బాయినే పిలిచాం.